పాస్‌బుక్ ఫొటోలోంచి చీటీ లెక్క

చిట్ ఫండ్ పాస్‌బుక్‌లో ప్రతి వరసా గట్టిగా చెప్పేది ఒక్క సంగతే. ఫలానా తేదీన, ఫలానా రసీదు మీద సభ్యుడు ఇంత సొమ్ము కట్టాడు అని. ఆ నెల పాట ఎంతకు పోయింది, అందులో ఈ సభ్యుడి వాటాకు ఎంత డివిడెండ్ వచ్చింది, ఇప్పటిదాకా మొత్తం ఎంత కలిసివచ్చింది అన్నవి చాలా పుస్తకాల్లో ఉండవు. కొన్నిటిలో డివిడెండ్ గడి ఉన్నా సగం నెలలు ఖాళీగానే ఉంటుంది. అయినా ఆ పేజీలను ఫొటో తీసి, అంకెలను పట్టికలోకి ఎక్కించి, చీటీ నియమాలను పక్కన పెట్టుకుంటే పుస్తకంలో రాయని సంగతులు కూడా బయటికి వస్తాయి. ఫొటోలో తప్పుగా చదివిన అంకెల్లో చాలావాటిని ఆ నియమాలే పట్టిస్తాయి.

అందుకు ముందుగా చీటీ లెక్క నడిచే తీరు తెలియాలి. ఉదాహరణకు 25 మంది సభ్యులు, 25 నెలలు, నెలకు 4,000 రూపాయల వాయిదా, మొత్తం లక్ష రూపాయల చీటీ తీసుకుందాం. ప్రతి నెలా పాట జరుగుతుంది. డబ్బు అవసరమైనవారు లక్షలోంచి ఎంత వదులుకుంటారో పాడతారు. ఎక్కువ వదులుకున్నవారికి చీటీ దక్కుతుంది. పాట 35,000కు పోతే పాడినవారి చేతికి 65,000 వస్తుంది. వదులుకున్న 35,000లోంచి ముందు ఫోర్‌మన్ కమిషన్ తీస్తారు. ఇక్కడ అది 5 శాతం, అంటే 5,000. మిగిలిన 30,000ను 25 మందికీ సమానంగా పంచితే తలకు 1,200 డివిడెండ్. దాన్ని ఎవరి చేతికీ ఇవ్వరు, కట్టవలసిన వాయిదాలో తగ్గిస్తారు. కాబట్టి సభ్యుడు 4,000కు బదులు 2,800 కడతాడు.

ఈ లెక్కలో కమిషన్ శాతాన్ని ఊహించుకోకూడదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఫోర్‌మన్ కమిషన్ 5 శాతానికి మించకూడదు. 2019 సవరణ ఆ పరిమితిని 7 శాతానికి పెంచింది. పాత గ్రూపుల్లో 5, కొత్త గ్రూపుల్లో కొన్నిచోట్ల 6 లేదా 7 కనిపించడానికి కారణం ఇదే. ఈ చీటీలో 7 శాతం కమిషన్ ఉంటే అదే 35,000 పాటకు డివిడెండ్ 1,120 అవుతుంది. అందుకని వాయిదాల పేజీలకంటే ముందు పాస్‌బుక్ మొదటి పేజీని, వీలైతే ఒప్పంద పత్రంలోని నియమాల పేజీని ఫొటో తీసుకోవాలి. చీటీ మొత్తం, సభ్యుల సంఖ్య, నెలలు, వాయిదా, కమిషన్ శాతం, పాటలో గరిష్ఠంగా ఎంత వదులుకోవచ్చు, గడువు తేదీ, గ్రూపు నంబరు, టికెట్ నంబరు. ఇవి లేకుండా మిగతా పేజీలు వట్టి అంకెల వరసలే.

మొదటి పేజీలో సాధారణంగా కనిపించని నియమం మరొకటి ఉంది. లెక్క చాలామందికి తప్పేది అక్కడే. ఈ నెల పాటలో వచ్చిన డివిడెండ్‌ను ఏ నెల వాయిదాలో తగ్గిస్తారు? రిజిస్టరైన కంపెనీల్లో ఎక్కువగా మరుసటి నెల వాయిదాలో తగ్గిస్తారు. మూడో పాట డివిడెండ్ నాలుగో వాయిదాలో పడుతుందన్నమాట. ఊళ్లలో, కాలనీల్లో తెలిసినవాళ్ల మధ్య నడిచే చీటీల్లో పాట అయిన వెంటనే, అదే రోజు, డివిడెండ్ పోగా మిగిలింది కట్టించుకునే పద్ధతి కూడా ఉంది. ఈ తేడా గమనించకపోతే డివిడెండ్ల కూడిక సరిగానే వస్తుంది గానీ ఏ పాట ఎంతకు పోయిందన్న వరస మొత్తం ఒక నెల పక్కకు జరిగిపోతుంది.

ఏ పద్ధతో పాస్‌బుక్ మొదటి వరసల్లోనే తరచు తెలుస్తుంది. ఒప్పందంలో ఉంటే మొదటి చీటీని ఫోర్‌మనే ఏ తగ్గింపూ లేకుండా తీసుకుంటాడు, కాబట్టి మొదటి పాటకు డివిడెండ్ ఉండదు. అలాంటి గ్రూపులో మొదటి రెండు వాయిదాలూ పూర్తి 4,000 ఉండి మూడో దాంట్లో తగ్గింపు మొదలైతే డివిడెండ్ మరుసటి నెలకు పడుతోందని అర్థం. రెండో వాయిదాలోనే తగ్గితే అదే నెలకు పడుతోంది. అనుమానం మిగిలితే పాట రోజున కంపెనీ పంపిన ఏదో ఒక మెసేజీని పాస్‌బుక్‌తో పోల్చి చూస్తే చాలు.

ఇక ఫొటో. పాస్‌బుక్ చిన్నది, మధ్యలో కుట్టు ఉంటుంది, తెరిస్తే పేజీ వంపు తిరుగుతుంది. రెండు పేజీలను కలిపి ఒకే ఫొటో తీస్తే కుట్టు పక్కనున్న గడులు వంగిపోతాయి. ఆ గడులు చాలా పుస్తకాల్లో డబ్బు గడులే కావడం చికాకు. ఒక్కో పేజీని విడిగా, పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, పగటి వెలుగులో నిటారుగా పైనుంచి తీయాలి. నాలుగు మూలలూ ఫొటోలో ఉండాలి. ప్లాస్టిక్ కవరు తీసేయాలి, ఫ్లాష్ ఆపేయాలి. లేకపోతే రబ్బరు ముద్ర మీదో సంతకం మీదో తెల్లటి మెరుపు పడి కింది అంకె మాయమవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే బొమ్మ కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. పాస్‌బుక్‌లో సంతకం, ఫోన్ నంబరు, చిరునామా ఉంటాయి కాబట్టి ఇతరులకు పంపే ఫొటోలో వాటిని కప్పేయడం మంచిది.

ఫొటోలోని అంకెలను చదవడంలో ప్రింటరు మీద కొట్టిన పుస్తకానికీ చేత్తో రాసిన పుస్తకానికీ చాలా తేడా ఉంది. ప్రింటరు కొట్టిన వరసలను ఉచితంగా దొరికే టెసరాక్ట్ లాంటి అక్షర గుర్తింపు ప్రోగ్రాము బాగానే చదువుతుంది. రిబ్బన్ వెలిసిపోయిన నెలల్లోనే తడబడుతుంది. పేజీ మొత్తాన్ని ఒకేసారి ఇస్తే గీతలు, సంతకాలు, ముద్రలు అన్నీ అక్షరాలుగా మారి గందరగోళమవుతుంది. డబ్బు గడి ఉన్న నిలువు పట్టీని మాత్రం కత్తిరించి ఇలా ఇస్తే ఫలితం మెరుగు:

```
tesseract amount.png stdout --psm 6 -c tessedit_char_whitelist=0123456789.,/-
```

ఇందులో చివరి గుర్తులు ఊరికే పెట్టినవి కావు. మన దగ్గర డబ్బు రాసేటప్పుడు చివర ఏటవాలు గీత, అడ్డగీత పెట్టడం అలవాటు. చదవవలసినవి అంకెలు మాత్రమే అని కట్టడి చేస్తే ప్రోగ్రాము ఆ ఏటవాలు గీతను కూడా ఏదో ఒక అంకెగానే చూస్తుంది. 2800 కాస్తా 28001 అవుతుంది, లేదా 28007 అవుతుంది. గీతలను గీతలుగానే చదవనిచ్చి తర్వాత తీసేయడం మేలు. ప్రింటరు కొట్టిన పుస్తకాల్లో చివరి రెండు పైసల సున్నాలతో కూడా ఇదే గొడవ. వెలిసిన చుక్క కనపడకపోతే 2800.00 అన్నది 280000గా వస్తుంది. నెల వాయిదా 4,000 దాటదని తెలిసిన చోట ఇలాంటి తప్పులు చూడగానే దొరికిపోతాయి, కాబట్టి వీటికి పెద్దగా భయపడనక్కర్లేదు.

చేత్తో రాసిన పుస్తకం సంగతి వేరు. వసూలుకు వచ్చిన మనిషి నిలబడి, ఒడిలోనో మోటారు సైకిలు సీటు మీదో పెట్టి రాసిన అంకెలవి. 1కీ 7కీ, 3కీ 8కీ, 0కీ 6కీ తేడా కంటికే కష్టం. పై వరసలో ఉన్నదే కింద అని చెప్పడానికి రెండు చిన్న గీతలు గీసి వదిలేస్తారు, దాన్ని 11 అని చదివే అవకాశం ఎక్కువ. టెసరాక్ట్ అచ్చు అక్షరాల కోసం తయారైనది, చేతిరాతకు నమ్మదగినది కాదు. 25 వరసల పుస్తకాన్ని ఫొటో పెద్దది చేసుకుని చూస్తూ చేత్తో టైపు చేయడమే త్వరగా అయ్యే పని. ఎవరు చదివినా, ఏది చదివినా ఒకటే నియమం: కనిపించింది కనిపించినట్టు ఎక్కించాలి. అర్థం కాని అంకె ఉన్న గడిని ఖాళీగా వదిలి పక్కన గుర్తు పెట్టాలి. లెక్క కుదరడం కోసం అక్కడే సవరిస్తే తర్వాత సరిచూడడానికి ఏమీ మిగలదు.

ఎక్కించవలసింది రెండు షీట్లలో. మొదటిది రసీదుల షీటు. పాస్‌బుక్‌లో ఎన్ని వరసలుంటే ఇందులో అన్ని వరసలు. తేదీ, రసీదు నంబరు, ఏ వాయిదాకు, వాయిదా కింద ఎంత, అపరాధ రుసుము ఎంత అన్న గడులు. రెండోది వాయిదాల షీటు. ఇందులో చీటీకి ఎన్ని నెలలో అన్ని వరసలు, ఎక్కువా ఉండవు, తక్కువా ఉండవు. ఈ రెంటినీ ఒక్కటి చేసేయాలనిపిస్తుంది గానీ చేయకూడదు. సభ్యురాలు అయిదో వాయిదాలో 1,500 పదో తేదీన, మిగిలిన 1,400 ఇరవై రెండో తేదీన కట్టిందనుకుందాం. పాస్‌బుక్‌లో రెండు వరసలు, చీటీలో ఒకే వాయిదా. మరో నెల ఊరెళ్తూ రెండు వాయిదాలు కలిపి ఒకేసారి కట్టేసింది. అప్పుడు పుస్తకంలో ఒక వరస, చీటీలో రెండు వాయిదాలు. వరసనే వాయిదా అనుకున్న పట్టికలో మొదటి సందర్భంలో లేని డివిడెండ్ పుట్టుకొస్తుంది, రెండో సందర్భంలో ఒక నెల గల్లంతవుతుంది. కలిపి కట్టిన సొమ్మును రసీదుల షీటులో అదే రసీదు నంబరుతో రెండు వరసలుగా విడదీసి రాస్తే సరిపోతుంది.

రెండో షీటులో A గడి వాయిదా నంబరు, B గడి పుస్తకంలో రాసిన డివిడెండ్, C కట్టవలసింది, D కట్టింది, E ఇప్పటిదాకా కట్టిన మొత్తం, F ఇప్పటిదాకా వచ్చిన డివిడెండ్, G కిందటి పాట ఎంతకు పోయిందన్నది. రసీదుల షీటుకు Receipts అని పేరు పెట్టి, అందులో C గడి వాయిదా నంబరు, D గడి వాయిదా సొమ్ము అయితే, మూడో వాయిదా వరసకు సూత్రాలు ఇలా ఉంటాయి:

```
C4: =4000-B4
D4: =SUMIF(Receipts!C:C,A4,Receipts!D:D)
E4: =SUM(D$2:D4)
F4: =SUM(B$2:B4)
G4: =B4*25+5000
```

చివరి సూత్రం పాటను వెనక్కి లెక్కగడుతుంది. డివిడెండ్‌ను సభ్యుల సంఖ్యతో గుణించి కమిషన్ కలిపితే పాటలో వదులుకున్న మొత్తం వస్తుంది. ఏడు వాయిదాలు కట్టిన ఒక సభ్యురాలి లెక్క, డివిడెండ్ మరుసటి నెలకు పడే గ్రూపులో, ఇలా కనిపిస్తుంది:

| వాయిదా | కిందటి పాట | డివిడెండ్ | కట్టింది | మొత్తం కట్టింది | మొత్తం డివిడెండ్ |
|---|---|---|---|---|---|
| 1 | – | 0 | 4,000 | 4,000 | 0 |
| 2 | ఫోర్‌మన్ | 0 | 4,000 | 8,000 | 0 |
| 3 | 35,000 | 1,200 | 2,800 | 10,800 | 1,200 |
| 4 | 33,750 | 1,150 | 2,850 | 13,650 | 2,350 |
| 5 | 32,500 | 1,100 | 2,900 | 16,550 | 3,450 |
| 6 | 30,000 | 1,000 | 3,000 | 19,550 | 4,450 |
| 7 | 28,750 | 950 | 3,050 | 22,600 | 5,400 |

ఏ వరసలోనైనా చివరి రెండు గడులను కలిపితే వాయిదా నంబరును 4,000తో గుణించినంత రావాలి. ఏడో వరసలో 22,600, 5,400 కలిపితే 28,000. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. బాకీ లేని సభ్యుడి లెక్క ప్రతి నెలా ఇలాగే కుదరాలి. తేడా వస్తే మూడింటిలో ఒకటి జరిగి ఉంటుంది: అంకె తప్పుగా చదివారు, సొమ్ము బాకీ ఉంది, లేదా వేరే పద్దు కింద కట్టిన డబ్బు ఇందులో కలిసింది.

అయితే ఈ పరీక్షకు ఒక షరతు ఉంది. డివిడెండ్, కట్టిన సొమ్ము రెండూ విడివిడిగా చదివినవై ఉండాలి. పుస్తకంలో డివిడెండ్ గడి ఖాళీగా ఉందని 4,000లోంచి కట్టింది తీసేసి ఆ అంకెనే డివిడెండ్‌గా వేస్తే కూడిక ఎప్పుడూ కుదురుతుంది. 2,850ని 2,350గా చదివినా కుదురుతుంది. తాను రాసిన సమాధానాన్ని తానే దిద్దుకున్నట్టు. అందుకని అలా లెక్కగట్టిన డివిడెండ్ గడికి వేరే రంగు వేయడం అవసరం. ఆ గడులున్న వరసలకు వేరే పరీక్ష పెట్టాలి.

ఆ పరీక్ష పాట మొత్తం. నాలుగో వాయిదాలోని 2,850ను 2,350గా చదివారనుకుందాం. డివిడెండ్ 1,650 అవుతుంది, దాని ప్రకారం పాట 46,250కి పోయినట్టు తేలుతుంది. ఈ గ్రూపు ఒప్పందంలో 40 శాతానికి మించి పాడకూడదని ఉంటే 46,250 అసలు జరగని పాట. పేజీ మళ్లీ తెరిచి చూస్తే 3 అనుకున్నది 8 అని తెలుస్తుంది. మరోవైపు, పాట కమిషన్ కంటే తక్కువకు పోయే వీలు లేదు గనక కట్టిన సొమ్ము 4,000 దాటినట్టు కనిపించినా అనుమానించాల్సిందే. ఈ రెండు హద్దుల మధ్య ఇంకో ఆనవాలు కూడా ఉంటుంది. చాలా గ్రూపుల్లో పాట ఒక మెట్టు ప్రకారం పెరుగుతుంది, ఉదాహరణకు 250 చొప్పున. అప్పుడు 3,000ను 3,008గా చదివితే పాట 29,800 అని వస్తుంది, అది 250 మెట్టు మీద పడదు. మెట్టు ఎంతో తెలియకపోతే నాలుగైదు నిక్కచ్చి వరసల పాటలు చూస్తే అదే బయటపడుతుంది.

దేనికీ చిక్కని తప్పులూ ఉన్నాయి. ఏడో వాయిదాలోని 3,050ని 3,060గా చదివితే డివిడెండ్ 940, పాట 28,500. హద్దుల్లోనే ఉంది, 250 మెట్టు మీదా ఉంది, కిందటి నెల 30,000 నుంచి కాస్త దిగినట్టు సహజంగానూ ఉంది. దీన్ని పట్టగలిగేది పాస్‌బుక్‌కు బయట ఉన్న కాగితం మాత్రమే. విడి రసీదు, బ్యాంకు ఖాతాలో ఆ రోజు పోయిన మొత్తం, యూపీఐ చెల్లింపు వివరం, లేదా పాట మెసేజీ. వాయిదాలను ఫోన్‌లోనే కట్టేవారికి ఇది సులువు. రసీదుల షీటులో ఇంకో గడి పెట్టి బ్యాంకు స్టేట్‌మెంటులోని మొత్తాన్ని పక్కపక్కనే వేస్తే రెంటికీ తేడా వచ్చిన నెలలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

రూపాయి కంటే చిన్న తేడాలకు కంగారు పడనక్కర్లేదు. పాట 33,333కు పోతే డివిడెండ్ 1,133 రూపాయల 32 పైసలు. పుస్తకంలో 1,133 అని రాస్తారు. వెనక్కి గుణిస్తే 33,325 వస్తుంది. 25 మందితో గుణించినప్పుడు పైసలు కూడా పాతికరెట్లు అవుతాయి కాబట్టి అసలు పాటకూ లెక్కగట్టిన పాటకూ కొద్ది రూపాయల తేడా ఉంటుంది. ఇలాంటి గ్రూపులో మెట్టు పరీక్ష పనిచేయదు. పట్టికలో పాట గడిని సుమారు అనే భావించాలి.

అపరాధ రుసుము, జీఎస్టీ అన్నవి ఇంతకంటే మోసకారి అంకెలు. సరిగ్గానే చదివినా లెక్కను పాడుచేస్తాయి. అయిదో వాయిదా ఆలస్యమై 40 రూపాయలు అపరాధ రుసుము పడితే పుస్తకంలో 2,940 అని ఒకే అంకె ఉంటుంది. దాన్ని అలాగే వాయిదా గడిలో వేస్తే డివిడెండ్ 1,100కు బదులు 1,060 అవుతుంది, పాట 31,500 అవుతుంది. చూడడానికి ఏ తప్పూ కనపడదు. తేదీ గడువు దాటిందా లేదా అని చూసి, దాటిన వరసలను రసీదుతో పోల్చడమే దీనికి మార్గం.

జీఎస్టీ ఫోర్‌మన్ కమిషన్ మీద పడుతుంది, చీటీ మొత్తం మీద కాదు. ఇప్పుడున్న 18 శాతం ప్రకారం 5,000 కమిషన్‌కు 900. దీన్ని ఎలా వసూలు చేస్తారన్నది గ్రూపును బట్టి మారుతుంది. పాడినవారికి ఇచ్చే సొమ్ములోంచి తీసుకునేవారు ఉన్నారు, ప్రతి సభ్యుడి వాయిదాకూ కలిపేవారూ ఉన్నారు. కలిపితే తలకు 36 రూపాయలు. మూడో వాయిదా 2,800 కాక 2,836 అవుతుంది. డివిడెండ్ 1,164 అని, పాట 34,100 అని లెక్క తేలుతుంది. పుస్తకం నిండా 36తోనో 86తోనో ముగిసే సొమ్ములే కనిపిస్తుంటే చదవడంలో తప్పు జరిగిందని కాదు, పన్ను కలిసి ఉందని గుర్తించాలి. పన్నుకు రసీదుల షీటులో వేరే గడి పెట్టి, అక్కడికి మళ్లించాక మిగిలినదే వాయిదా.

సభ్యురాలు చీటీ పాడుకుంటే పట్టిక స్వరూపం కొద్దిగా మారుతుంది. ఏడో పాట కూడా 28,750కే పోయి ఎనిమిదో వాయిదాకు ఆమె 3,050 కట్టిందనుకుందాం. మొత్తం కట్టింది 25,650, డివిడెండ్ 6,350, కలిపితే 32,000. ఎనిమిదో పాటను ఆమే 27,500కు పాడితే చేతికి 72,500 వస్తుంది. ఈ 72,500 వాయిదాల గడుల్లో ఎక్కడా చేరకూడదు, తేదీతో సహా దానికి వేరే గడి ఉండాలి. ఆమె వదులుకున్న 27,500 కూడా ఆమె కట్టిన సొమ్ము కాదు. దాన్ని ఖర్చుగా వేసి, తగ్గిన చెల్లింపును మళ్లీ రాబడిగా చూపితే ఒకే డబ్బు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. తాను వదులుకున్నదాంట్లో 900 డివిడెండ్‌గా ఆమెకే తిరిగి వస్తుంది, తొమ్మిదో వాయిదా 3,100 అవుతుంది. మిగిలిన 17 వాయిదాలకు డివిడెండ్ తీయకముందు 68,000 కట్టవలసి ఉంటుంది. పాడినవారు గడువు దాటితే ఆ నెల డివిడెండ్ ఇవ్వమనే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. అలాంటి నెలలో డివిడెండ్ సున్నా, కట్టింది 4,000 అని రాయాలి. అక్కడ వెనక్కి గుణించే సూత్రం పాట గురించి అబద్ధం చెబుతుంది, కాబట్టి పాట గడిలో సూత్రం తీసేసి మెసేజీలో ఉన్న అంకె వేయాలి.

పాట అంకె విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. కొన్ని పుస్తకాల్లో, మెసేజీల్లో పాట గడిలో వదులుకున్నది కాక చేతికి వచ్చింది రాస్తారు. 35,000కు బదులు 65,000 అని. గరిష్ఠ పరిమితి 40,000 ఉన్న గ్రూపులో 65,000 వదులుకోవడం జరగదు గనక ఇది తేలిగ్గానే తెలుస్తుంది.

డివిడెండ్ సున్నా ఉన్న వరసలు మాత్రం సూత్రానికి అందవు. మొదటి నెల ఫోర్‌మన్ తీసుకున్న చీటీలో తగ్గింపే లేదు. చివరి నెలల్లో పోటీ తగ్గి పాట 5,000 దగ్గరే ఆగిపోయినా డివిడెండ్ సున్నానే. రెంటికీ సూత్రం 5,000 అనే చూపిస్తుంది. మొదటి దాన్ని చేత్తో మార్చి ఫోర్‌మన్ అని రాయాలి. పుస్తకం, పట్టిక ఎంత చూసినా తేలని పాట ఏదైనా మిగిలితే ఆ నెల పాట మినిట్స్ చూడాలి. రిజిస్టరైన చీటీలో ప్రతి పాటకూ మినిట్స్ రాసి, వాటి కాపీని చిట్ల రిజిస్ట్రారుకు దాఖలు చేస్తారు. ఎంతకు పోయింది, ఎవరికి దక్కింది అన్నవి అందులో ఉంటాయి. రిజిస్టరు కాని చీటీలో అలాంటి కాగితం ఉండదు, నిర్వాహకుడి నోటు పుస్తకమే దిక్కు.

చివరిదాకా పాడకుండా ఉన్న సభ్యురాలి పట్టికలో 25వ వరస కట్టిన సొమ్మూ డివిడెండూ కలిపి సరిగ్గా లక్ష దగ్గర ఆగాలి. 25వ నెల పోటీ పడేవారు ఎవరూ ఉండరు. చీటీ మిగిలినవారికే వస్తుంది, కమిషన్ 5,000 పోగా 95,000 చేతికి అందుతుంది. డివిడెండ్ మరుసటి నెలకు పడే గ్రూపులో ఈ ఆఖరి పాట డివిడెండ్ పడడానికి 26వ వాయిదా ఉండదు. తగ్గింపు మొత్తం కమిషన్‌కే సరిపోయింది గనక పంచడానికీ ఏమీ ఉండదు. 95,000కూ అప్పటిదాకా కట్టిన మొత్తానికీ ఉన్న తేడాయే ఈ చీటీలో ఆమెకు మిగిలింది. పన్ను, అపరాధ రుసుము విడి గడుల్లో ఉన్నాయి కాబట్టి వాటిని కూడా అక్కడే తీసేయాలి.